పీపీఓలో ఒక ఇంక్రిమెంటు



"నాకు పింఛను తక్కువగా వస్తోంది, దయచేసి సరిచేయగలరు." ఖజానా శాఖలో పనిచేసిన రోజుల్లో ఇలాంటి ఉత్తరాలు చాలా చూశాను. రాసినవాళ్లలో ఎక్కువమంది ఫిర్యాదు నిజమే అయివుండవచ్చు. కానీ ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఏం చేయాలో మాకు తోచేది కాదు. తక్కువంటే ఎంత తక్కువ? ఎంత రావాలి? ఏ అంకె తప్పు పడింది? అదేదీ ఉండేది కాదు. ముప్పయ్యేళ్లు పైగా చేసిన సేవ గురించి పేజీన్నర ఉండేది, కూతురి పెళ్లి గురించి, మోకాళ్ల నొప్పుల గురించి ఉండేది. చివరికి మా సెక్షన్ నుంచి "సంబంధిత కార్యాలయాన్ని సంప్రదించగలరు" అని ఒక జవాబు వెళ్లేది. అది చదివి ఆ పెద్దమనిషి మమ్మల్ని ఏమని తిట్టుకునేవారో నాకు తెలుసు. నేనూ రిటైరయ్యాను కదా.

ఈ రోజు నేను చెప్పబోయేది పని జరిపించిన ఒక ఉత్తరం గురించి. రాసింది మా వీధిలో ఉండే తెలుగు మాస్టారు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటుగా చేసి 2017 ఆగస్టు నెలాఖరున రిటైరయ్యారు. అప్పటికి రిటైర్మెంటు వయసు అరవయ్యే. ఆయన పేరు, బడి పేరు మనకు అక్కర్లేదు.

పింఛను చెల్లింపు ఉత్తర్వు అంటే మనందరం పీపీఓ అనుకునే కాగితం. రిటైరైనవారికి సాధారణంగా మూడు ఉత్తర్వులు పుడతాయి. నెలనెలా వచ్చే పింఛనుకు పీపీఓ. గ్రాట్యుటీకి ఒకటి. పింఛనులో కొంత భాగాన్ని అమ్ముకుని ఒకేసారి డబ్బు తీసుకుంటాం చూడండి, ఆ కమ్యుటేషన్‌కు ఇంకొకటి. పీపీఓ రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి పింఛనుదారు దగ్గర, రెండోది ఖజానాలో. మా ఉప ఖజానా కార్యాలయంలో మేము చూసుకునేది ఆ రెండో ప్రతినే. అందులో ఏ అంకె ఉంటే ఆ అంకె చెల్లిస్తాం. అది తప్పని మాకు కళ్లారా కనబడుతున్నా కలం పెట్టి దిద్దే అధికారం మాకు లేదు. బ్యాంకుకు అసలే లేదు. ఈ సంగతి తెలియక బ్యాంకు మేనేజరుతో పోట్లాడి వచ్చినవాళ్లు ఉన్నారు. దిద్దవలసింది ఆ ఉత్తర్వు జారీ చేసిన కార్యాలయం. ప్రభుత్వ ఉద్యోగులకు మామూలుగా అది అకౌంటెంట్ జనరల్ కార్యాలయం. జిల్లా పరిషత్తు, మండల పరిషత్తు బడుల్లో చేసినవాళ్లకు వేరే దారి ఉంటుంది. వెతుక్కోనక్కర్లేదు, మీ పీపీఓ పైభాగాన ఏ కార్యాలయం పేరు అచ్చయి ఉందో అదే.

మాస్టారు పీపీఓ పట్టుకుని మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన అన్నది ఒక్కటే. "సగం జీతం పింఛనంటారు గదండీ, నా జీతంలో సగం ఇరవై తొమ్మిది వేలు దాటాలి. ఇందులో ఇరవై ఎనిమిదే కనబడుతోంది."

ఆ సగం సంగతి ముందు చూద్దాం. మన రాష్ట్రంలో పాత పింఛను విధానం 1980 నాటి సవరించిన పింఛను నియమాల మీద నడుస్తుంది. చివరి మూలవేతనంలో సగం పూర్తి పింఛను. అది పూర్తిగా రావాలంటే అర్హమైన సేవ ముప్పైమూడేళ్లుండాలి. సేవను ఆరేసి నెలల ముక్కలుగా లెక్కపెడతారు కాబట్టి ముప్పైమూడేళ్లంటే అరవయ్యారు అర్ధ సంవత్సరాలు. అంతకు తగ్గితే ఆ నిష్పత్తిలో పింఛను తగ్గుతుంది. మాస్టారికి ముప్పైమూడు దాటింది, అరవయ్యారుకు అరవయ్యారూ పడ్డాయి. అంటే ఆయన విషయంలో సేవ లెక్కతో పేచీ లేదు. ఇక మిగిలింది మూలవేతనం.

ఆయన పీపీఓలో పింఛను 28,435 రూపాయలు. రెండు పెట్టి గుణిస్తే 56,870. అదే కాగితంలో కింద కుటుంబ పింఛను అని ఇంకో గడి ఉంటుంది. భర్త పోయాక భార్యకు మామూలు రేటున వచ్చేది, చివరి మూలవేతనంలో నూటికి ముప్పై. ఆ గడిలో 17,061 అని ఉంది. దాన్ని ముప్పైతో భాగించి నూరుతో గుణిస్తే మళ్లీ 56,870 వచ్చింది. రెండు వేర్వేరు గడుల నుంచి వెనక్కి లెక్కేస్తే ఒకే జీతం తేలింది.

ఈ చిన్న లెక్క దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఉత్తరం ఎవరికి రాయాలో, ఎలా రాయాలో ఇదే చెబుతుంది. రెండు గడులూ ఒకే జీతానికి సరిపోయాయంటే పింఛను కార్యాలయంలో కూర్చున్న గుమాస్తా కూడికలు, గుణకారాలు సరిగానే చేశారు. ఆయనకు అందిన జీతమే తప్పు. పింఛను ఒక జీతానికీ, కుటుంబ పింఛను ఇంకో జీతానికీ సరిపోతే అప్పుడు తప్పు ఆ కార్యాలయంలో జరిగినట్టు. అలాంటి తప్పును వాళ్లు తమ దగ్గరున్న ఫైలు చూసుకునే దిద్దుకోగలరు, నేరుగా వాళ్లకు రాస్తే చాలు. కానీ అందిన సమాచారమే తప్పయినప్పుడు వాళ్ల ఫైలు చూస్తే అంతా సరిగ్గానే కనబడుతుంది. "మీ పింఛను నిబంధనల ప్రకారమే నిర్ణయించబడింది" అని జవాబు వస్తుంది. అది అబద్ధం కాదు, వాళ్ల కాగితాల ప్రకారం నిజమే. అప్పుడు మన ఉత్తరం బడి నుంచి, సర్వీసు రిజిస్టరుతో కలిసి కదలాలి.

మాస్టారి అసలు జీతం ఎంత? ఆయన దగ్గర చివరి వేతన ధ్రువపత్రం ఉంది, ఎల్‌పీసీ అంటాం. దాంట్లో మూలవేతనం 58,330. 2015 వేతన స్కేళ్లు గుర్తున్నవాళ్లకు ఇట్టే తెలుస్తుంది, 56,870 తర్వాతి మెట్టు 58,330. మధ్య తేడా 1,460, అంటే సరిగ్గా ఒక ఇంక్రిమెంటు. తప్పు ఏదో తెలియనప్పుడు తేడాను స్కేలు పక్కన పెట్టి చూడటం నాకు అలవాటు. ఒక ఇంక్రిమెంటుకు సరిపోతే ఇంక్రిమెంటు ఎక్కడో జారిపోయిందని అర్థం. స్కేలులో ఏ మెట్టుకూ సరిపోకపోతే అంకె రాసేటప్పుడో టైపు కొట్టేటప్పుడో తారుమారై ఉంటుంది.

మాస్టారి ఇంక్రిమెంటు నెల జులై. పింఛను కాగితాలు రిటైర్మెంటుకు కొన్ని నెలల ముందే బడి నుంచి బయలుదేరతాయి. వాటితోపాటు సర్వీసు రిజిస్టరు కూడా వెళ్తుంది, అది చూడకుండా పింఛను నిర్ణయించరు. ఆయన కాగితాలు కట్టింది జులైకి ముందు, కాబట్టి అందులో ఆనాటి జీతం 56,870 రాశారు. జులై ఒకటో తేదీన ఇంక్రిమెంటు మంజూరైంది, జీతం బిల్లులో కలిసింది, డబ్బూ వచ్చింది. కానీ దాన్ని నమోదు చేయవలసిన రిజిస్టరు ఊళ్లో లేదు, పింఛను కార్యాలయంలో ఉంది. నిజానికి కాగితాలు కట్టేటప్పుడే "1.7.2017 నుంచి రాబోయే ఇంక్రిమెంటుతో 58,330" అని చూపించాలి, లేదా జులైలో ఆ సంగతి వేరే ఉత్తరంతో తెలియజేయాలి. బడిలో ఆ పని చూసే మనిషి మధ్యలో బదిలీ అయ్యారట, కొత్తగా వచ్చినవారికి ఈ సంగతి తెలియదు. రిటైర్మెంటుకు ముందు రెండు మూడు నెలల్లో ఇంక్రిమెంటు పడేవాళ్లందరికీ ఈ గండం ఉంటుంది. జనవరిలో ఇంక్రిమెంటు పడి ఆగస్టులో రిటైరయ్యేవారికి మామూలుగా ఉండదు.

నెలకు 730 రూపాయలే కదా అనిపించవచ్చు. మాస్టారు కూడా ఒక దశలో "పోనిద్దురూ" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ 730 ఒక్కచోట ఆగదు. కరువు భత్యం పూర్తి పింఛను మీద లెక్క, కాబట్టి భత్యం పెరిగినప్పుడల్లా ఈ లోటూ పెరుగుతుంది. పింఛనులో నలభై శాతం కమ్యూట్ చేశారు, ఆ మొత్తమూ తగ్గింది. గ్రాట్యుటీ పదహారున్నర నెలల మూలవేతనం, కరువు భత్యం కలిపి వేస్తారు. 1,460 మీద అది కరువు భత్యం కలపకుండానే 24,090. ఇక్కడ ఒక మాట చెప్పాలి. అప్పటి నిబంధనల్లో గ్రాట్యుటీకి 12 లక్షల గరిష్ఠ పరిమితి ఉంది. ఆ హద్దు దగ్గరికి చేరినవాళ్లకు తేడా అంతా రాదు, హద్దు దాకానే వస్తుంది. మాస్టారు దానికి దగ్గర్లోనే ఉన్నారు. ఆ సంగతి ముందే చెప్పాను, లేకపోతే తర్వాత నన్ను అడుగుతారు. అన్నిటికంటే ఆయనను కదిలించింది కుటుంబ పింఛను గడి. 17,061 కాదు, 17,499 రావాలి. "నా తర్వాత ఆవిడ ఈ ఆఫీసుల చుట్టూ తిరగలేదండీ" అన్నారు. మళ్లీ పోనిద్దురూ అనలేదు.

సరే, ఉత్తరం రాసుకొచ్చారు. తెలుగు మాస్టారు కదా, చక్కటి తెలుగు. చాక్‌పీసు పొడిలో తెల్లబడిన జుట్టు గురించి ఒక పేరా, విద్యార్థులు ఎక్కడెక్కడ స్థిరపడ్డారో ఒక పేరా. నా పింఛను విషయంలో జరిగిన అన్యాయం అని మొదలయ్యే పేరా మూడోది. పీపీఓ నంబరు ఎక్కడా లేదు. నేను మొహమాటపడకుండా ఎర్ర పెన్ను అడిగాను. జీవితమంతా పిల్లల కాంపోజిషన్లు దిద్దిన ఆయన, ఆ మాటకు నవ్వి తన జేబులోంచే తీసి ఇచ్చారు.

కొట్టేసిన పేరాలు బాగా లేక కాదు. ఉత్తరం చేరే టేబులు నాకు తెలుసు. అక్కడి మనిషి ముందు పీపీఓ నంబరు వెతుకుతారు, ఎందుకంటే నంబరు లేనిదే పాత ఫైలు పైకి రాదు. తర్వాత ఏ గడిలో ఏముంది, ఏముండాలి అని చూస్తారు. ఆ తర్వాత రుజువు ఏదని చూస్తారు. ఈ మూడూ మొదటి పేజీలో దొరికితే ఆ కాగితం ఆ రోజే నోట్ ఫైలులోకి ఎక్కే అవకాశం ఉంది. "అన్యాయం" అన్న మాట కనబడితే మాత్రం ఇది ఫిర్యాదుల కింద వేయాలా, సవరణల కింద వేయాలా అని ఒక ఆలోచన మొదలవుతుంది. ఆలోచన మొదలైతే కాగితం ఆగుతుంది. నా పాత సహోద్యోగులకు ఈ మాట నచ్చకపోవచ్చు, కానీ అది నిజం.

చివరికి వెళ్లిన ఉత్తరాన్ని యథాతథంగా చదువుతాను, నంబర్లు, పేర్లు మాత్రం వదిలేస్తాను.

"విషయం: పీపీఓ నంబరు ఫలానా. చివరి మూలవేతనాన్ని రూ.56,870కి బదులు రూ.58,330గా సవరించవలసిందిగా విన్నపం.

అయ్యా,

నేను పై పాఠశాలలో తెలుగు స్కూల్ అసిస్టెంటుగా పనిచేసి 31.8.2017న పదవీ విరమణ చేశాను. పై నంబరు పీపీఓ ద్వారా నాకు 1.9.2017 నుంచి పింఛను మంజూరైంది.

ఆ ఉత్తర్వులో నా చివరి మూలవేతనం రూ.56,870గా తీసుకున్నారు. నాకు 1.7.2017న వార్షిక ఇంక్రిమెంటు మంజూరై మూలవేతనం రూ.58,330 అయింది. జులై, ఆగస్టు నెలల జీతం ఆ వేతనం మీదనే పొందాను. పింఛను ప్రతిపాదనలు అంతకుముందే పంపినందువల్ల, నా సర్వీసు రిజిస్టరు ఆ సమయంలో తమ కార్యాలయంలో ఉన్నందువల్ల, ఈ ఇంక్రిమెంటు అప్పట్లో రిజిస్టరులో నమోదు కాలేదు. రిజిస్టరు తిరిగి వచ్చిన తరువాత ప్రధానోపాధ్యాయులు దీనిని నమోదు చేసి ధ్రువీకరించారు.

కనుక పింఛనును రూ.28,435 నుంచి రూ.29,165కు, కుటుంబ పింఛనును రూ.17,061 నుంచి రూ.17,499కు 1.9.2017 నుంచి వర్తించేటట్టు సవరించి, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ ఉత్తర్వులను కూడా తదనుగుణంగా సవరించవలసిందిగా కోరుతున్నాను. పీపీఓలోని మిగతా వివరాలు సరిగానే ఉన్నాయి.

జతపరచినవి: పీపీఓ నకలు, చివరి వేతన ధ్రువపత్రం నకలు, ఇంక్రిమెంటు మంజూరు ఉత్తర్వు నకలు, 2017 జులై, ఆగస్టు నెలల జీతం వివరాలు, సర్వీసు రిజిస్టరు.

ఇట్లు, తమ విధేయుడు."

అంతే. పేజీ నిండలేదు. మాస్టారికి కొంచెం వెలితిగానే అనిపించింది. "ఇందులో నేనెక్కడున్నానండీ?" అని అడిగారు. "పీపీఓ నంబరులో ఉన్నారు" అన్నాను.

"మిగతా వివరాలు సరిగానే ఉన్నాయి" అన్న వాక్యం గురించి చెప్పాలి. అది నేను పట్టుబట్టి పెట్టించాను. సవరణ కోరితే సర్వీసు రిజిస్టరు మళ్లీ ఆ కార్యాలయానికి వెళ్తుంది, వెళ్లాక మొదటి నుంచీ చూసే హక్కు వాళ్లకుంది. ఎప్పుడో ఇరవై ఏళ్ల కింద జీతం స్థిరీకరణలో ఒక ఇంక్రిమెంటు ఎక్కువ పడి ఉంటే అదీ బయటికి రావచ్చు. అందుకే ఉత్తరం పంపేముందు రిజిస్టరును మనమే ఒకసారి మొదటి పేజీ నుంచి తిరగేసుకోవడం మంచిది. ప్రధానోపాధ్యాయుల అనుమతితో మాస్టారూ నేనూ బడిలో ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ పని చేశాం. అన్నీ సరిపోయాయి కాబట్టే ఆ వాక్యం ధైర్యంగా రాయగలిగాం. అలా పాత పొరపాటు దొరికిందే అనుకోండి, ముందుముందు పింఛను తగ్గించవచ్చు గానీ, ఉద్యోగి తప్పేమీ లేకుండా ఎప్పుడో ఎక్కువగా ఇచ్చిన డబ్బును రిటైరైనవారి నుంచి వెనక్కి రాబట్టడం కుదరదని 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు పంజాబ్ రాష్ట్రానికి సంబంధించిన రఫీక్ మసీహ్ కేసులో చెప్పింది. ఆ భయంతో న్యాయంగా రావలసింది అడగడం మానేయనక్కర్లేదు.

ఉత్తరం వెళ్లిన దారి ఇది. పింఛను కార్యాలయానికి రాశాం గానీ, ప్రధానోపాధ్యాయుల ద్వారా. ఇంక్రిమెంటు రిజిస్టరులో ఎక్కించి సంతకం పెట్టవలసింది ఆయన, సవరించిన ప్రతిపాదన కవరింగ్ లెటరు మీద పంపవలసిందీ ఆయనే. మాస్టారు రిటైరైనప్పుడున్న ప్రధానోపాధ్యాయులు అప్పటికి మారిపోయారు. కొత్తాయన మొదట కాస్త వెనకాడారు, తాను లేనప్పటి ఇంక్రిమెంటుకు తానెలా సంతకం పెట్టాలని. ఆయన భయం అర్థం చేసుకోదగ్గదే. మంజూరు ఉత్తర్వు నకలు, ఆ నెల జీతం బిల్లు నకలు బడి ఫైళ్లలోంచే తీసి ముందు పెడితే సంతకం పెట్టారు. ఆయన చేస్తున్నది కొత్తగా మంజూరు చేయడం కాదు, ముందే మంజూరైనదాన్ని రిజిస్టరులోకి ఎక్కించడం. ఆ తేడా నోటితో చెబితే ఆయన నమ్మలేదు, పాత కాగితం చూపిస్తే నమ్మారు.

ఇంకో ప్రతి, రిజిస్టరు లేకుండా, నేరుగా పింఛను కార్యాలయానికి పోస్టులో వెళ్లింది. దాని మీద "ముందస్తు ప్రతి" అని రాయించాను. అసలు కాగితాలు బడిలోనో దారిలోనో ఆగినా, ఫలానా తేదీన అడిగామన్న రుజువు ఉంటుంది. అప్పట్లో రిజిస్టర్డ్ పోస్టు, రసీదు కార్డుతో పంపాం. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి ఇప్పుడు పంపేవారు స్పీడ్ పోస్టులోనే పంపాలి. రసీదు మాత్రం దాచుకోండి. మూడో ప్రతి మా ఉప ఖజానాకు ఇచ్చాం. వాళ్లు చేసేదేమీ లేదు, సవరణ వచ్చినప్పుడు ఎవరిదో వెతుక్కోకుండా ఉంటారని.

పోస్టులో వెళ్లినవన్నీ నకళ్లే. అసలు పీపీఓ ఎవరు అడిగినా పోస్టులో పంపవద్దని మాస్టారికి గట్టిగా చెప్పాను. సవరణ నమోదు చేయించేటప్పుడు ఖజానాకు చేత్తో పట్టుకెళ్లి, చేత్తో తెచ్చుకోవాలి. ఇంకో అపోహ కూడా ఉంది. తప్పు పింఛను తీసుకుంటే ఒప్పుకున్నట్టు అవుతుందని కొందరు సవరణ వచ్చేదాకా డబ్బే ముట్టరు. అలాంటిదేమీ లేదు. తప్పు అంకె మీదైనా నెలనెలా తీసుకుంటూనే సవరణ అడగవచ్చు, తేడా బకాయిగా వస్తుంది.

ఆ ఉత్తరంలో మేము పెట్టకుండా ఆపినవి రెండున్నాయి. పీపీఓ తిరగేస్తుంటే భార్య పుట్టినతేదీ గడి ఖాళీగా కనబడింది. ఇప్పుడు దాని వల్ల నష్టం లేదు. కానీ డెబ్భై దాటాక వయసును బట్టి అదనపు పింఛను కలుస్తుంది. కుటుంబ పింఛను తీసుకునే భార్యకూ అది వర్తిస్తుంది. అప్పుడు పుట్టినతేదీ పీపీఓలో లేకపోతే వయసు రుజువు చేసుకోవలసింది ఆ వయసులో ఆ ఇల్లాలే. దానికి వేరే ఉత్తరం రాయించాను. దాని ఆధారాలు వేరు, ఆధార్ కార్డు, ఆవిడ చదివిన బడి ధ్రువపత్రం. దీంతో ముడిపెడితే ఒకదానికి కాగితం చాల్లేదని రెండోదీ ఆగుతుంది.

రెండోది, మాస్టారి స్నేహితుడొకరు సలహా ఇచ్చారు. జూన్ ముప్పైన రిటైరై జులై ఒకటిన ఇంక్రిమెంటు రావలసినవాళ్లకు కూడా ఆ ఇంక్రిమెంటు కలపాలని కోర్టులు చెబుతున్నాయట, మీ ఉత్తరంలో అదీ కలిపి రాయండి అని. ఆ వాదన నిలబడేదే, తర్వాత 2023లో సుప్రీంకోర్టు కర్ణాటక విద్యుత్ సంస్థ కేసులో ఉద్యోగుల పక్షాన తేల్చింది కూడా. కానీ మాస్టారు రిటైరైంది ఆగస్టులో. ఆయన జులై ఇంక్రిమెంటు మంజూరైంది, చేతికి అందింది, కాగితంలోకి ఎక్కలేదు, అంతే. ఇది పొరపాటు, అది హక్కు వివాదం. పొరపాటును దిద్దమనే ఉత్తరంలో కోర్టు తీర్పుల మాట ఎత్తితే అది న్యాయ సలహాకు వెళ్లిపోతుంది, ఇక తిరిగి ఎప్పుడొస్తుందో చెప్పలేం.

కొన్నాళ్లు ఏ కబురూ రాలేదు. మాస్టారు మళ్లీ అదే ఉత్తరం రాస్తానన్నారు. వద్దన్నాను. అదే ఉత్తరం మళ్లీ మళ్లీ వెళ్తే ఒకే ఫైలు మీద కాగితాలు పేరుకుంటాయి గానీ పని కదలదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో ఒక దరఖాస్తు పెట్టించాను. పింఛను ఎందుకు సవరించలేదని అందులో అడగలేదు. ఎందుకు అని అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపవచ్చు. "ఫలానా తేదీ నాటి నా ఉత్తరం మీద ఇంతవరకు తీసుకున్న చర్య, నోట్ ఫైలు నకలు ఇవ్వగలరు" అని అడిగాం. దానికి ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. జవాబిచ్చేందుకు ఎవరో ఒకరు ఆ ఫైలు తెరవక తప్పదు. తెరిచాక అందులో కాగితాలన్నీ సరిగా ఉంటే ఇంకొకరికి పంపేకంటే పని ముగించడమే తేలిక.

వచ్చిన సవరణ ఉత్తర్వు చిన్న కాగితం. పాత పీపీఓ నంబరు, "ఫలానా అంకెకు బదులు ఫలానా అంకె చదువుకోవాలి" అన్న నాలుగు పంక్తులు, కింద సంతకం. ఒక ప్రతి మాస్టారికి, ఒకటి ఖజానాకు. ఇంటికి వచ్చిన ప్రతి చూసి పని అయిపోయిందనుకునేవాళ్లు ఉన్నారు. ఖజానా ప్రతిలో ఆ అంకె ఎక్కేదాకా పని కానట్టే. అందుకని ఉప ఖజానాకు వెళ్లి రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టించి, మాస్టారి పీపీఓ మీదా నమోదు చేయించి, 1.9.2017 నుంచి బకాయి బిల్లు ఎప్పుడు కడతారో అడిగి వచ్చాం. బకాయిలో ఒక మెలిక ఉంటుంది. పింఛను తేడా ఒక్కటే కాదు, ఆ తేడా మీద ఆయా నెలల కరువు భత్యం రేటు ప్రకారం భత్యం తేడా కూడా వేయాలి. అది మరిచిపోయి 730ని నెలల సంఖ్యతో గుణించి ఇచ్చేసిన సందర్భాలు నాకు తెలుసు. మాస్టారి బిల్లులో అది వేశారు. వేశారో లేదో ఆయనే లెక్కకట్టి చూసుకున్నారు, నాకు చూపించనే లేదు.

ఆ తర్వాత 2022లో ఆంధ్రప్రదేశ్ కొత్త పీఆర్సీ అమల్లోకి వచ్చింది. 2018 జులైకి ముందు రిటైరైనవారి పాత పింఛనుకు 30.392 శాతం కరువు భత్యం, 23 శాతం ఫిట్‌మెంటు కలిపి కొత్త పింఛను కట్టారు. ఆ లెక్క చేసేటప్పుడు ఎవరూ సర్వీసు రిజిస్టరు తెరవలేదు, ఎల్‌పీసీ అడగలేదు. పీపీఓలో ఉన్న అంకెనే తీసుకుని గుణించారు. మాస్టారికి 29,165 మీద లెక్క వేస్తే 44,737 అయింది. సవరణ జరగకపోయి ఉంటే 28,435 మీద 43,617 అయ్యేది. 730 రూపాయల తేడా ఆ రోజుతో 1,120 అయ్యేది, ఆపై కరువు భత్యం దాని మీదే.